విశ్వాస అంతరం (చిన్న నమూనాలో అనుపాతానికి)

నమూనాలో కనిపించిన అనుపాతం p నుంచి మొత్తం జనాభాలోని అసలు అనుపాతం ఎంత ఉండవచ్చో చెప్పే హద్దుల జత. 95 శాతం అంతరానికి పాఠ్యపుస్తకాల సూత్రం p ± 1.96√(p(1−p)/n).

మలేరియా పాతకాపుగా ఉన్న కొత్తగూడెం–భద్రాచలం అడవి అంచున ఒక సర్వేను ఊహిద్దాం. 30 మంది రక్తపూతలు తీస్తే ఒక్కటీ పాజిటివ్ రాలేదు. p సున్నా కాబట్టి సూత్రం ఇచ్చే అంతరం 0 నుంచి 0. అంటే ముప్ఫై మందిని చూసి జిల్లాలోనే జ్వరం లేదని తేల్చినట్టు! ఒక్కరికి వస్తే −3.1 నుంచి 9.8 శాతం, రుణ శాతం రోగులు ఎక్కడా ఉండరు. అందరికీ వచ్చినా ఇదే చిక్కు, 1 దగ్గర.

లోపం వర్గమూలం కింద ఉంది. తెలియని అసలు అనుపాతం ఉండాల్సిన చోట నమూనా విలువను పెట్టేస్తాం. అది సున్నా అయితే అనిశ్చితీ సున్నా అయిపోతుంది. పైగా అంచుల దగ్గర పంపిణీ ఒకవైపుకు ఒరుగుతుంది, సూత్రం మాత్రం రెండువైపులా సమానంగా కొలుస్తుంది.

1927లో ఎడ్విన్ విల్సన్ ప్రశ్నను తిరగేశాడు: అసలు అనుపాతం ఎంతెంత ఉంటే ఈ ఫలితం వింత కాదు? అలా లెక్కిస్తే 30లో సున్నాకు 0 నుంచి 11.4 శాతం, ఒకటికి 0.6 నుంచి 16.7 శాతం. సున్నా వచ్చినప్పుడు నోటిలెక్కగా పై హద్దు 3/n, ఇక్కడ 10 శాతం.

ముప్ఫై మందీ ఒకే గూడెం వారైతే విల్సన్ అంతరమూ నమ్మదగింది కాదు. ఒకే దోమలు కుట్టినవారిని స్వతంత్ర పరిశీలనలుగా లెక్కించలేం.