డైపర్ ర్యాష్, ఈస్ట్ ఇన్ఫెక్షన్, క్రేడిల్ క్యాప్

పసిపిల్లలకు డైపర్ కట్టే చోట చర్మం కందితే, కారణం ఏదైనా అమెరికాలోని తెలుగు ఇళ్లలో దాన్ని డైపర్ ర్యాష్ అనే అంటారు. వైద్యులు మాత్రం దీన్ని ముఖ్యంగా రెండు రకాలుగా చూస్తారు. ఒకటి తడి, మలమూత్రాలు, ఒరిపిడి వల్ల వచ్చే మంట. రెండోది కాండిడా అల్బికాన్స్ అనే ఈస్ట్ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్. తల మీద చెక్కు కట్టే క్రేడిల్ క్యాప్ ఈ రెండింటికీ వేరు. అయితే ఆ చర్మ సమస్యే కొందరు పిల్లలకు గజ్జల్లోనూ కనిపిస్తుంది కాబట్టి మూడింటినీ కలిపి తెలుసుకోవడం మేలు.

కారణంపై వాదం

సెయింట్ లూయిస్ వైద్యులు జాన్ జహోర్‌స్కీ 1915లోనూ, కుక్ 1921లోనూ ఈ మంటకు మూత్రంలో పుట్టే అమోనియాయే కారణమన్నారు. ఈ అభిప్రాయం దశాబ్దాలపాటు చెలామణీ అయింది. లేడెన్ అనే పరిశోధకుడి బృందం 1977లో ర్యాష్ ఉన్న పిల్లలను, లేని పిల్లలను పోల్చి చూసి దీన్ని ప్రశ్నించింది. 1980లలో జరిగిన ప్రయోగాల తర్వాత మలంలోని ఎంజైములకే ఎక్కువ పాత్ర ఉందనే వివరణ బలపడింది. మలమూత్రాలు కలిసినప్పుడు చర్మం మీద క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు ఆ ఎంజైములు చురుకై, నానిన చర్మాన్ని కోసేస్తాయి. విరేచనాలప్పుడు ర్యాష్ ఎందుకు ముదురుతుందో ఈ వివరణతోనే బాగా అర్థమవుతుంది.

మడతలు, చుట్టూ చుక్కలు

మామూలు ర్యాష్ డైపర్ తగిలే ఉబ్బెత్తు భాగాల మీద, అంటే పిరుదులు, తొడల లోపలి వైపు, పొత్తికడుపు దిగువన కనిపిస్తుంది. గజ్జల మడతలు సాధారణంగా బాగానే ఉంటాయి. ఈస్ట్ పట్టినప్పుడు మడతల లోపలే ముదురు ఎరుపు పరుచుకుంటుంది, దాని అంచు స్పష్టంగా తెలుస్తుంది. అంచు దాటాక చిన్న చిన్న పొక్కులు విడివిడిగా లేస్తాయి. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఈ పొక్కులే. చామనఛాయ పిల్లల్లో ఎరుపు అంతగా తెలియకపోవచ్చు. చర్మం గోధుమ రంగుకో ఊదా రంగుకో తిరుగుతుంది, తగ్గాక కొన్నాళ్లు తెల్లబారినట్టు ఉంటుంది.

తరచుగా ఎదురయ్యే సందర్భం ఒకటి చూద్దాం. చెవి ఇన్ఫెక్షన్‌కు తొమ్మిది నెలల బిడ్డకు అమాక్సిసిలిన్ ఇచ్చారు. విరేచనాలు పట్టుకుని పిరుదులు కందాయి. మొదటి రెండు రోజులు అది మామూలు ర్యాషే. జింక్ ఆక్సైడ్ పూత దళసరిగా రాస్తున్నా, మూడో రోజు దాటాక ఎరుపు మడతల్లోకి దిగి చుట్టూ పొక్కులు లేచాయి. యాంటీబయాటిక్ వల్ల పేగుల్లోని బాక్టీరియా తగ్గి ఈస్ట్ పెరిగిందని, పాడైన చర్మం మీద అది స్థిరపడిందని అనుకోవాలి. నోట్లో తుడిచినా పోని తెల్లటి పాచి ఉంటే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. అనుమానం తీరకపోతే వైద్యులు చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూస్తారు.

చికిత్స

మామూలు ర్యాష్‌కు తరచుగా డైపర్ మార్చడం, గోరువెచ్చని నీటితో కడిగి అద్దడం, కాసేపు గాలి తగలనివ్వడం, జింక్ ఆక్సైడ్ లేదా పెట్రోలియం జెల్లీ రాయడం సరిపోతాయి. ఈస్ట్‌కు ఇవి చాలవు. నిస్టాటిన్ వంటి మందు రాసి, ఆ పైన జింక్ పూత వేయాలి. అమెరికాలో చీటీ లేకుండా దొరికే క్లోట్రిమజోల్ డబ్బాల మీద, రెండేళ్లలోపు పిల్లలకు వైద్యుణ్ణి అడగకుండా వాడవద్దని ఉంటుంది. క్లోట్రిమజోల్‌కు బీటామెథాసోన్ అనే బలమైన స్టెరాయిడ్ కలిపిన క్రీమును డైపర్ చోట రాయకూడదు, ఎందుకంటే డైపర్ కప్పి ఉంచడంతో స్టెరాయిడ్ మరింతగా ఒంట్లోకి ఇంకుతుంది. టాల్కం పౌడరు పసివాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది కనుక పిల్లల వైద్యులు దాన్ని వద్దంటారు. మొక్కజొన్న పిండి ఈస్ట్‌కు మేత అవుతుందని చాలామంది నమ్ముతారు గాని, లేడెన్ 1984లో మనుషుల చర్మం మీద చేసిన పరీక్షలో అలా జరగలేదు.

క్రేడిల్ క్యాప్

ఇది సాధారణంగా పుట్టిన కొన్ని వారాల నుంచి తొలి మూడు నెలల్లోపు మొదలవుతుంది. మాడు మీద, కొన్నిసార్లు కనుబొమల్లో, చెవుల వెనక పసుపుపచ్చ జిడ్డు పొలుసులు అంటుకుని ఉంటాయి. దురద అంతగా ఉండదు, బిడ్డ పాలు తాగడం, నిద్ర మామూలుగానే ఉంటాయి. తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావమని కొందరు, మలాసీజియా అనే వేరే ఈస్ట్ పాత్ర ఉందని మరికొందరు అంటారు. రెండూ కలిసి పనిచేస్తాయన్న అభిప్రాయమే సబబుగా తోస్తుంది. ఇదే సమస్య గజ్జల మడతల్లోకి వస్తే కాండిడా అని పొరబడతారు, కానీ ఇందులో చుట్టూ విడి పొక్కులు ఉండవు, తల మీద మాత్రం పొలుసులు ఉంటాయి. అందుకే మడతలు ఎర్రబడ్డాయంటే పొక్కులతోపాటు తలనూ, నోటినీ చూడాలి.

తలకు నూనె రాసి, పొలుసులు మెత్తబడ్డాక మెత్తటి బ్రష్‌తో దువ్వి, బేబీ షాంపూతో కడిగేయాలి. నూనె అలాగే వదిలేస్తే చెక్కు మరింత పేరుకుంటుంది. గోళ్లతో గీకితే పుండు పడుతుంది. చాలామందికి ఏడాది నిండేలోపు ఇది దానంతటదే పోతుంది.

జ్వరం, చీము పొక్కులు, తేనె రంగు పక్కులు, రక్తం కనిపించినా, రెండు మూడు రోజుల్లో ర్యాష్ తగ్గకపోయినా పిల్లల వైద్యులకు చూపించాలి.