మార్జిన్ ట్రేడింగ్: షేరు ధర తిరిగొచ్చినా డబ్బు ఎందుకు తిరిగి రాదు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి ఊళ్లలో బంగారం కుదువ పెట్టి అప్పు తీసుకోవడం అందరికీ తెలిసిందే. అప్పు కట్టకపోతే నోటీసులు వస్తాయి, గడువు ఇస్తారు, ఆ తర్వాతే వేలం. షేర్ల మార్కెట్‌లో మార్జిన్ ట్రేడింగ్ కూడా ఒక రకంగా కుదువ అప్పే. తేడా ఏమిటంటే, ఇక్కడ కుదువ పెట్టిన వస్తువు ధర ప్రతి నిమిషం మారుతుంది, గడువు ఒకటి రెండు రోజులకు మించి ఉండకపోవచ్చు.

లివరేజ్ అంటే

సొంత డబ్బుకు అప్పు కలిపి పెద్ద మొత్తంలో కొనడమే లివరేజ్. సొంతంగా పెట్టే భాగాన్ని మార్జిన్ అంటారు, మిగతాది బ్రోకర్ ఇస్తాడు. కొన్న షేర్లు బ్రోకర్ దగ్గర కుదువలో ఉంటాయి. అప్పు మీద రోజువారీ లెక్కన వడ్డీ పడుతుంది. షేరు పెరిగినా తగ్గినా, కదలకుండా ఉన్నా వడ్డీ ఆగదు. వడ్డీ లావాదేవీలకు దూరంగా ఉండేవారు ఈ సంగతి మొదట్లోనే గమనించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. గద్వాలలో ఒక చీరల వ్యాపారి దగ్గర లక్ష రూపాయలు ఉన్నాయనుకుందాం. బ్రోకర్ దగ్గర మరో లక్షన్నర అప్పు తీసుకుని, ₹500 ధర ఉన్న ఒక కంపెనీ షేర్లు 500 కొన్నారు. మొత్తం విలువ రెండున్నర లక్షలు. వనపర్తిలో ఒక పల్లీల వ్యాపారి కూడా లక్ష రూపాయలతో అదే షేరు కొన్నారు, కానీ అప్పు లేకుండా. ఆయనకు 200 షేర్లు వచ్చాయి.

షేరు ₹550కి పెరిగితే గద్వాల వ్యాపారికి ₹25,000 లాభం, వనపర్తి వ్యాపారికి ₹10,000 మాత్రమే. అందుకే లివరేజ్ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అసలు పరీక్ష ధర తగ్గినప్పుడే.

మార్జిన్ కాల్ ఎప్పుడు వస్తుంది

షేర్ల విలువలో కొనుగోలుదారు సొంత వాటా ఫలానా శాతానికి తగ్గకూడదని ఒక షరతు ఉంటుంది. అది షేరును బట్టి, బ్రోకర్‌ను బట్టి మారుతుంది. ఇక్కడ 30 శాతం అనుకుందాం.

ధర ₹400కి పడిందనుకోండి. గద్వాల వ్యాపారి షేర్ల విలువ రెండు లక్షలు అవుతుంది. అప్పు మాత్రం లక్షన్నర అలాగే ఉంది. నష్టం మొత్తం సొంత డబ్బులోంచే పోతుంది కాబట్టి ఆయన వాటా ₹50,000కు దిగింది. రెండు లక్షల్లో 30 శాతం అంటే ₹60,000 ఉండాలి. అంటే పదివేలు తక్కువైంది. ఆ పదివేలు వెంటనే కట్టమని బ్రోకర్ నుంచి వచ్చే కబురే మార్జిన్ కాల్. ఎస్‌ఎంఎస్, ఈమెయిల్ లేదా యాప్‌లో ఈ సందేశం వస్తుంది.

ఈ గీత ఎక్కడ ఉందో ముందే తెలుసుకోవచ్చు. ఒక్కో షేరు మీద ఉన్న అప్పు ₹300. దాన్ని 0.70తో భాగిస్తే సుమారు ₹428 వస్తుంది. అంటే షేరు 15 శాతం కూడా పడకముందే మార్జిన్ కాల్ మొదలవుతుంది. వనపర్తి వ్యాపారికి అలాంటి గీతే లేదు.

కట్టకపోతే అమ్మకమే

పదివేలు కట్టకపోతే పదివేల షేర్లే అమ్ముతారని చాలామంది అనుకుంటారు. లెక్క అలా ఉండదు. అమ్మిన డబ్బు అప్పుకు పోతుంది తప్ప సొంత వాటా పెరగదు. వ్యాపారి వాటా ₹50,000 దగ్గరే ఉంటుంది. అది మళ్లీ 30 శాతం కావాలంటే మొత్తం షేర్ల విలువనే సుమారు ₹1,66,000కు తగ్గించాలి. అందుకు ₹400 చొప్పున 84 షేర్లు, అంటే ₹33,600 విలువైనవి అమ్మాల్సి వస్తుంది. కొందరు బ్రోకర్లు అంతకంటే ఎక్కువే అమ్మేస్తారు. ఏ షేర్లు, ఏ ధరకు అమ్మాలన్నది కూడా అప్పుడు కొనుగోలుదారు చేతిలో ఉండదు.

కొన్ని వారాలకు ధర తిరిగి ₹500కు వచ్చిందనుకుందాం. వనపర్తి వ్యాపారి లక్ష మళ్లీ లక్ష అయింది. గద్వాల వ్యాపారి దగ్గర 416 షేర్లే మిగిలాయి, విలువ ₹2,08,000. ఇంకా ఉన్న అప్పు ₹1,16,400 తీసేస్తే చేతిలో ₹91,600. ధర ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చినా ₹8,400 పోయాయి, వడ్డీ దానికి అదనం. పడిన ధర దగ్గర అమ్ముడైన 84 షేర్లకు ఆ తర్వాతి పెరుగుదల దక్కలేదు. జాగ్రత్తపరులు గుర్తుంచుకోవాల్సింది ఇదే. అప్పు లేనివాడు ధర తిరిగి వచ్చేదాకా ఆగగలడు, అప్పు ఉన్నవాడికి ఆగే హక్కు ఉండదు.

ఒకరి అమ్మకం, ఇంకొకరికి కాల్

నాగర్‌కర్నూల్‌లో ఒక టీచర్ అదే షేరును, అదే నిష్పత్తిలో అప్పుతో ₹460 దగ్గర కొన్నారనుకుందాం. ఆయన గీత సుమారు ₹394. ₹400 దగ్గర ఆయనకు ఏ కాల్ రాలేదు. కానీ గద్వాల వ్యాపారి లాంటివాళ్లు వేలమంది షేర్లు ఒకేసారి అమ్మకానికి వస్తే ధర ఇంకా పడుతుంది, టీచర్ గీత కూడా దాటుతుంది. ఆయన షేర్లూ అమ్మకానికి వస్తాయి. కంపెనీ గురించి కొత్తగా ఏ చెడు వార్తా లేకున్నా షేరు జారుతూ పోవడానికి ఒక్కోసారి ఇదే కారణం.

సత్యం నేర్పిన పాఠం

ఈ బలవంతపు అమ్మకం పెద్దవాళ్లనూ వదలదని హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ ఉదంతం చూపింది. కంపెనీ ప్రమోటర్లు తమ షేర్లు కుదువ పెట్టి అప్పులు తెచ్చారు. 2008 డిసెంబర్ 16న రెండు మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రకటన వచ్చింది. ఇన్వెస్టర్లు ఎదురుతిరగడంతో దాన్ని వెంటనే విరమించుకున్నారు. మరుసటి రోజు షేరు ధర సుమారు 30 శాతం కూలింది. కుదువ విలువ తగ్గడంతో అప్పిచ్చినవాళ్లు షేర్లు అమ్మేశారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖలో, మార్జిన్ షరతుల వల్ల కుదువ షేర్లలో చాలావరకు అమ్ముడుపోవడాన్నీ ప్రస్తావించారు.

ఆ ఒక్కరోజే షేరు సుమారు ₹179 నుంచి ₹40 దాకా పడింది. ₹179 దగ్గర 60 శాతం అప్పుతో కొన్నవారి లెక్క చూడండి. షేరుకు అప్పు ₹107, అమ్మితే వచ్చేది ₹40. సొంత డబ్బు మొత్తం పోవడమే కాదు, షేరుకు ₹67 చొప్పున ఎదురు బాకీ మిగులుతుంది. ధర ఒక్కసారిగా కూలితే మార్జిన్ కాల్‌కు బదులిచ్చే టైమ్ కూడా ఉండదు. అదే ఏడాది జనవరిలో, ప్రమోటర్లు కుదువ పెట్టిన షేర్ల వివరాలు బయటపెట్టాలని సెబీ నిబంధన తెచ్చింది. కంపెనీలవారీగా ఆ వివరాలు ఇప్పుడు స్టాక్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్లలో చూడొచ్చు.

తెలియకుండా అప్పులో పడకుండా

చాలా యాప్‌లలో ఆర్డర్ పెట్టేటప్పుడు CNC లేదా Delivery అని ఉంటే సొంత డబ్బుతో కొన్నట్టు. MTF అని ఉంటే బ్రోకర్ అప్పుతో కొన్నట్టు. MIS లేదా Intraday అంటే ఆ రోజే ముగించాల్సిన లావాదేవీ. ఖాతాలో ఉన్న డబ్బు కంటే ఎక్కువ షేర్లు కొనగలుగుతున్నామంటే మధ్యలో అప్పో, లివరేజో ఉన్నట్టే. షేర్లను కుదువ పెట్టేందుకు డిపాజిటరీ నుంచి ఓటీపీ వస్తే దేనికో చదవకుండా ఒప్పుకోకూడదు.

MTF వాడాలనుకునేవారు ముందే బ్రోకర్‌ను మూడు విషయాలు అడగాలి. వడ్డీ ఎంత? సొంత వాటా ఎంత శాతానికి తగ్గితే కాల్ వస్తుంది? కాల్ వచ్చాక ఎన్ని గంటల్లో అమ్ముతారు? ఆ గీత దగ్గర కట్టడానికి డబ్బు విడిగా లేకపోతే, ఆ కొనుగోలు వనపర్తి వ్యాపారిలా సొంత డబ్బుతో చేయడమే మేలు.