దైవాజ్ఞా సిద్ధాంతం

మంచిచెడ్డలు దేవుడి ఆజ్ఞ వల్లే ఏర్పడతాయని, దేవుడు చేయమన్నది ధర్మమని, వద్దన్నది అధర్మమని చెప్పే వాదాన్ని దైవాజ్ఞా సిద్ధాంతం అంటారు. దీన్ని మొదటినుంచీ ఒక చిక్కుప్రశ్న వెంటాడుతోంది. దేవుడు ఆజ్ఞాపించాడు కాబట్టి ఒక పని మంచిదయిందా, లేక మంచిది కాబట్టే దేవుడు ఆజ్ఞాపించాడా? గ్రీకు తత్త్వవేత్త ప్లేటో 'యూథిఫ్రో' సంభాషణలో సోక్రటీసు ఇలాంటి ప్రశ్ననే అడుగుతాడు. ఒక కూలివాడి చావుకు కారకుడయ్యాడని కన్నతండ్రి మీదే నేరం మోపడానికి వచ్చిన యూథిఫ్రో దాన్ని చివరికి తేల్చి చెప్పలేకపోతాడు.

మొదటి పక్షం ఒప్పుకుంటే, దేవుడు క్రూరమైన పని చేయమన్నా అది మంచిదే అవుతుంది. రెండో పక్షం ఒప్పుకుంటే, మంచి అనేది దేవుడికి కూడా కొలబద్ద అవుతుంది, ఆజ్ఞ దాన్ని తెలియజేస్తుందే తప్ప పుట్టించదు.

తెలుగులో ఈ చిక్కు అన్నిటికంటే పదునుగా కనిపించేది సిరియాళుడి కథలో. జనగామ ప్రాంతంలోని పాలకుర్తికి చెందినవాడుగా ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుడు కాకతీయుల కాలంలో రాసిన ద్విపద కావ్యం 'బసవపురాణం'లో ఇది ఉంది. తర్వాత శ్రీనాథుడు 'హరవిలాసం'లో చిరుతొండనంబి కథగా దీన్ని విస్తరించాడు. తమిళంలో 12వ శతాబ్దపు 'పెరియపురాణం' దీన్నే చిరుత్తొండర్ కథగా చెబుతుంది.

శివభక్తులకు అడిగింది వండిపెట్టడం సిరియాళుడి వ్రతం. శివుడు తపసి వేషంలో వచ్చి, ఆ దంపతుల ఒక్కగానొక్క కొడుకునే చంపి వండిపెట్టమంటాడు. తల్లిదండ్రులు ఆ పని చేస్తారు. వడ్డించాక తపసి, కొడుకు పక్కన కూర్చుంటే తప్ప తిననని పట్టుబడతాడు. చేసేది లేక పేరుపెట్టి పిలిస్తే పిల్లవాడు ప్రాణాలతో పరుగెత్తుకొస్తాడు.

పిల్లవాడు తిరిగొచ్చాడు కాబట్టి పీడ విరగడయిందని కథ విన్నవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ ప్రశ్న అక్కడితో తీరదు. కొడుకు బతుకుతాడని తండ్రికి ముందే తెలిస్తే అందులో త్యాగం లేదు. తెలియకపోతే, కత్తి ఎత్తిన క్షణంలో అతడు చేసింది హత్యే. ఆ పనిని సమర్థించాలంటే ఆజ్ఞ తప్ప మరో ఆధారం మిగలదు. పైగా ఆజ్ఞ ఇచ్చినవాడు శివుడని సిరియాళుడికి తెలియదు. ఇంటికొచ్చిన భక్తుడి మాటను శివుడి మాటగా పాటించే నియమానికే అతడు కట్టుబడ్డాడు. సిద్ధాంతానికి ఉన్న అసలు బలహీనత ఇక్కడే బయటపడుతుంది. ఆజ్ఞ దేవుడిదే అని ఎలా తెలుస్తుంది? కొడుకును బలివ్వబోయిన అబ్రహాం గురించి 1798లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ అడిగిందీ ఇదే. కొడుకును చంపకూడదన్నది నిశ్చయం, వినిపించిన గొంతు దేవుడిదన్నది నిశ్చయం కాదని ఆయన వాదం. 1843లో కీర్కెగార్డ్ అదే అబ్రహాం కథను తీసుకుని, విశ్వాసం నీతిని కాసేపు పక్కన పెట్టగలదా అని విచారించాడు.

'బసవపురాణం' ఈ కథను మెచ్చుకుని ఊరుకోలేదు. హలాయుధుడనే భక్తుడు నరమాంసం అడిగిన శివుణ్ణే తప్పుపట్టి వెలివేస్తాడు. దేవుడు చేసిందంతా మంచే అయితే ఇలా తప్పుపట్టడానికి తావే ఉండదు. శివుడి మీద తిరగబడిన ఆ మనిషిని కూడా సోమనాథుడు భక్తుల వరుసలోనే నిలబెట్టాడు. భక్తుడు దేవుణ్ణి నిలదీయడానికి చోటిచ్చిన కావ్యాన్ని గుడ్డి విధేయతకు పాఠంగా చదవడం దానికి అన్యాయం చేయడమే.

భారతీయ శాస్త్రాల్లో దీనికి దగ్గరి చర్చ మీమాంసలో జరిగింది. ధర్మం విధివాక్యం వల్లే తెలుస్తుందని జైమిని సూత్రం. అయితే మీమాంసకుల దృష్టిలో వేదానికి కర్త లేడు, కాబట్టి ఇక్కడ ఆజ్ఞ ఉంది, ఆజ్ఞాపించేవాడు లేడు. శత్రువును చంపడానికి చేసే శ్యేనయాగం వేదంలో ఉన్నా, అది ధర్మం కాదని శబరస్వామి భాష్యం చెబుతుంది. గ్రంథంలో ఉండటం ఒక్కటే చాలదని విధినే నమ్మినవాళ్లు కూడా ఒప్పుకోవలసి వచ్చింది. వేదాంతులు మరో దారి పట్టారు. ఈశ్వరుడు జీవుల కర్మను బట్టే ఫలమిస్తాడు కాబట్టి ఆయనకు పక్షపాతం, నిర్దయ అంటవని బ్రహ్మసూత్రాల వాదం.

ఇస్లాంలో అష్అరీలు మంచిచెడ్డలకు దైవనిర్ణయమే మూలమన్నారు, ముతజిలీలు బుద్ధితో కూడా వాటిని తెలుసుకోవచ్చన్నారు. క్రైస్తవంలో 14వ శతాబ్దపు ఓకమ్ పేరు ఆజ్ఞ పక్షంతో ముడిపడింది. అమెరికన్ తత్త్వవేత్త రాబర్ట్ ఆడమ్స్ 1973లో సిద్ధాంతాన్ని సవరించి, ప్రేమస్వరూపుడైన దేవుడి ఆజ్ఞకే ఆ అధికారం ఉందన్నాడు. క్రూరత్వాన్ని శాసించే దేవుడి మాట అప్పుడు మనల్ని కట్టిపడేయదు. అయితే ప్రేమ మంచిదని ఆజ్ఞకు ముందే మనకెలా తెలిసిందన్న ప్రశ్నకు ఈ సవరణ కూడా బదులు చెప్పుకోవాలి.