క్రీమ్ లిక్కర్ బాటిల్ ఓపెన్ చేశారా? ఎన్నాళ్లు ఉంటుందంటే..

భోజనం తర్వాత స్వీట్‌లా తాగే డ్రింక్స్‌లో మడ్‌స్లైడ్ ఒకటి. వోడ్కా, కాఫీ లిక్కర్, ఐరిష్ క్రీమ్ కలిపి, ఐస్‌తో చల్లగా చేస్తారు. ఈ మూడు బాటిళ్లలో త్వరగా పాడయ్యేది ఐరిష్ క్రీమ్ ఒక్కటే. కారణం అందులోని పాల మీగడ.

కహ్లువా లాంటి కాఫీ లిక్కర్‌లో పాలు ఉండవు. చాక్లెట్ రుచి ఇచ్చే క్రెమ్ డి కకావోలోనూ, పేరు అలా ఉన్నా, మీగడ ఉండదు. చక్కెర, ఆల్కహాల్ వల్ల ఇవి చాలాకాలం నిలుస్తాయి.

ఐర్లాండ్‌లో 1974లో మొదలైన బెయిలీస్‌లో 17 శాతం ఆల్కహాల్ ఉంటుంది. మూత తీసినా, తీయకపోయినా తయారైన రోజు నుంచి రెండేళ్లు రుచి తగ్గదని కంపెనీ చెబుతోంది. అయితే ఎండ తగలకుండా 0 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలి. మన ఎండాకాలంలో అంటే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

చాలామంది పొరబడేది ఇక్కడే. రెండేళ్లను మూత తీసిన రోజు నుంచి లెక్కేస్తారు. బాటిల్‌పై గడువు మార్చి అని ఉండి, జనవరిలో ఓపెన్ చేస్తే మిగిలేది రెండు నెలలే. అన్ని బ్రాండ్లకూ ఇదే గడువు వర్తించదు, లేబుల్ చూసుకోవాలి.

పుల్లటి వాసన వచ్చినా, ఊపినా కరగని గడ్డలు కనిపించినా పారబోయాల్సిందే. నిమ్మరసం కలిపితే మాత్రం తాజా బాటిల్‌లోదైనా విరిగిపోతుంది. అది పులుపు చేసే పని, బాటిల్ పాడైనట్టు కాదు.