వెబ్‌సైటు ముసాయిదాల సమీక్ష

వెబ్‌సైటు ముసాయిదాల సమీక్ష అనగా, వెబ్‌సైటు చేయించుకొనే సంస్థ (క్లయింటు) తయారీదారు ఒక్కొక్క దశలో చూపించే నమూనాలను పరిశీలించి, మార్పులు సూచించి, ఆమోదం తెలిపే ప్రక్రియ. ఒక దశకు ఆమోదం లభించిన తరువాతనే తరువాతి దశ మొదలవుతుంది. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాలకు పేరు పొందిన ప్రాంతం. అక్కడ ప్రధాన కార్యాలయం, ఎల్.బి.నగర్‌లో శాఖ, ఇద్దరు భాగస్వాములు ఉన్న ఒక కోచింగ్ కేంద్రం తెలుగు, ఆంగ్ల భాషలలో వెబ్‌సైటు చేయించుకొంటున్నదని ఊహించి ఈ ప్రక్రియను కింద వివరించడమైనది.

== దశలు ==

మొదటి దశలో పేజీల జాబితా, వాటిలో ఉండవలసిన సమాచారం ఖరారవుతాయి. రెండవ దశలో రంగులు, బొమ్మలు లేకుండా ఏది ఎక్కడ ఉండాలో గీతలతో చూపే నమూనా వస్తుంది. దీనిని వైర్‌ఫ్రేమ్ అంటారు. మూడవది రూపకల్పన, నాలుగవది పరీక్షా సర్వరుపై పనిచేసే వెబ్‌సైటు. ఏ దశలో ఏ ప్రశ్న అడగాలో తెలియకపోవడమే అంతులేని సవరణలకు ముఖ్య కారణం. వైర్‌ఫ్రేమ్ చూస్తూ రంగుల గురించి చర్చించడం వృథా. పరీక్షా సర్వరుపై వెబ్‌సైటు చూస్తూ, ఎల్.బి.నగర్ శాఖకు వేరే పేజీ కావాలని అడగడం ఖరీదైన పని. మొదటి దశలో అది జాబితాలో ఒక వరుస మాత్రమే. నాలుగవ దశలో దాని కోసం మెనూ, లింకులు, మొబైల్ రూపం అన్నీ సవరించి తిరిగి పరీక్షించాలి.

== సూచనలు ఇచ్చే విధానం ==

సూచనలు ఎందరైనా ఇవ్వవచ్చు గాని, తయారీదారుకు అవి ఒక్కరి ద్వారానే, ఒకే పత్రంగా చేరాలి. పై కేంద్రంలో ఒక భాగస్వామి రెండు శాఖల ఫోను నంబర్లూ పైనే ఉండాలని, మరొకరు ప్రధాన కార్యాలయం నంబరు చాలని వాట్సాప్‌లో విడివిడిగా చెప్పారనుకొందాం. తయారీదారు మొదట ఒకరి మాట ప్రకారం, మరునాడు మరొకరి మాట ప్రకారం మార్చుతాడు. వారం తరువాత పేజీ మొదటి స్థితికే వస్తుంది. ఒకసారి తీసివేసినది తిరిగి కనబడితే, లోపం రూపకల్పనలో కాక క్లయింటు వైపు నిర్ణయంలో ఉన్నదని గ్రహించవచ్చు. ఇటువంటి భేదాన్ని పత్రం పంపక ముందే ఇద్దరూ తేల్చుకోవాలి.

“ఇంకా ఆకర్షణీయంగా ఉండాలి” అనే సూచన వలన తయారీదారుకు ఏమీ తెలియదు. పేజీ, స్థానం, ఇబ్బంది, కారణం చెప్పాలి. ఉదాహరణకు: “హోం పేజీ, పై భాగం. ఫోనులో చూసినపుడు కొత్త బ్యాచి తేదీ కనబడడానికి రెండుసార్లు కిందికి జరపవలసి వస్తున్నది. విద్యార్థులు మొదట అడిగేది అదే.” పరిష్కారం ఏమిటన్నది తయారీదారుకు వదిలివేయడం మేలు.

== తెలుగు పాఠ్యం ==

కరపత్రాల కోసం డి.టి.పి. కేంద్రాలలో అను ఫాంట్లతో టైపు చేయించిన తెలుగును నేరుగా వెబ్‌సైటులో పెడితే అర్థంలేని అక్షరాలు కనబడతాయి. దానిని యూనికోడ్‌లోకి మార్చి, మార్చినపుడు దొర్లిన తప్పులను దిద్ది, మొదటి దశలోనే ఇవ్వాలి. రూపకల్పనను అసలు పాఠ్యంతోనే చూడాలి. ఆంగ్లానికి సరిపోయిన వరుసల ఎడంలో తెలుగు ఒత్తులు కింది వరుసకు తగులుతాయి, కొన్నిచోట్ల తెగిపోతాయి. పొడవైన తెలుగు మాటలు బటన్లలో పట్టవు. నకిలీ ఆంగ్ల పాఠ్యంతో ఆమోదించిన నమూనాలో ఇవేవీ బయటపడవు.

విషయం నిజమైనదా కాదా అన్నది తయారీదారు తేల్చలేడు. కోచింగ్ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, ఉత్తీర్ణుల పేర్లు, ఫోటోలు వాడడానికి వారు విజయం సాధించిన తరువాత తీసుకొన్న లిఖితపూర్వక సమ్మతి ఉండాలి. కనుక ఫలితాల పేజీని ఆమోదించే ముందు ఆ పత్రాలు చేతిలో ఉన్నాయో లేదో కేంద్రమే చూసుకోవాలి.

== ఆమోదం ==

దశకు రెండు విడతల సవరణలు అని ఒప్పందంలో రాసుకోవడం వాడుకలో ఉన్నది. రెండవ విడతలో, మొదటి విడతలో అడిగినవి సరిగా జరిగాయా అన్నది మాత్రమే చూడాలి. మారని భాగంపై అప్పుడు కొత్త అభ్యంతరాలు వస్తున్నాయంటే మొదటి పరిశీలన పూర్తిగా జరగలేదన్నమాట.

ఆమోదాన్ని ఈ-మెయిలు ద్వారా, ఏ తేదీన పంపిన ఏ ముసాయిదాకు ఇస్తున్నారో పేర్కొంటూ తెలపాలి. ఫోనులో “సరే, బాగుంది” అన్నది తరువాత వివాదానికి దారితీస్తుంది. నిర్ణీత గడువులో జవాబు రాకపోతే ఆమోదించినట్లే అనే నిబంధన కొన్ని ఒప్పందాలలో ఉంటుంది. అడ్మిషన్ల రద్దీలో ఉన్న కేంద్రం దీనిని చదవకుండా సంతకం చేస్తే చూడని నమూనాయే ఖరారవుతుంది.

ఆమోదించిన నమూనాలో ఉన్నది వెబ్‌సైటులో పనిచేయకపోతే అది తయారీదారు ఉచితంగా సరిచేయవలసిన దోషం. నమూనాలో లేనిది కోరితే అది కొత్త పని, దానికి ధర, గడువు వేరుగా నిర్ణయించుకోవాలి. విచారణ ఫారం నింపినా సందేశం కార్యాలయానికి చేరకపోవడం మొదటి రకం. అదే ఫారానికి ఎస్.ఎం.ఎస్. సదుపాయం జోడించమనడం రెండవ రకం.