బల్ల

ఎడమ డొక్క కింద గట్టిగా చేతికి తగిలే వాపును మన పెద్దలు ‘కడుపులో బల్ల’ అనేవారు. మలేరియా మళ్ళీ మళ్ళీ తిరగబెట్టిన పిల్లల్లో అది పెరిగేది. ఆ అవయవం సంస్కృతంలో ప్లీహం, గ్రీకులో స్ప్లేన్. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. డాక్టర్లు దానికి రెండు పేర్లు పెట్టుకున్నారు. స్ప్లీనోమెగలీ అంటే ప్లీహం పెరగడం. హైపర్‌స్ప్లీనిజం అంటే దాని పని హద్దు మీరడం. మన ‘బల్ల’ మొదటిదాన్నే చెబుతుంది.

పెద్దవాళ్ళలో ప్లీహం సుమారు 150 గ్రాములు తూగుతుంది. రక్తకణాలు అందులోని సన్నటి చీలికల గుండా దూరి రావాలి. ముసలి కణాలు అక్కడే ఆగిపోతాయి. మిగతావాటిలో ఏమైనా చెత్త ఉంటే ప్లీహం దాన్ని ఏరేసి వదులుతుంది. ఆరోగ్యవంతుల్లో కూడా ప్లేట్‌లెట్లలో మూడోవంతు అక్కడే ఉంటాయి.

లివర్ సిర్రోసిస్ ఉన్న ఒకరి రిపోర్టులో హిమోగ్లోబిన్ 9.8, తెల్లకణాలు 2,700, ప్లేట్‌లెట్లు 70,000 ఉన్నాయనుకుందాం. మూడూ పడిపోయాయంటే ఎముకమజ్జ దెబ్బతిందేమోనని ముందు భయపడతాం. కానీ ఇక్కడ మజ్జ నిండుగానే పనిచేస్తూ ఉండవచ్చు. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి ప్లీహం ఉబ్బుతుంది. మూడు రకాల కణాలూ దాని గుండానే పోవాలి కనుక మూడూ అక్కడ చిక్కుతాయి, కొన్ని నశిస్తాయి. పైగా ప్లాస్మా పెరిగి రక్తం పలచబడుతుంది. సాధారణంగా ముందు తగ్గేవి ప్లేట్‌లెట్లే. అవి 20,000 కంటే కిందికి పడితే ప్లీహాన్ని మాత్రమే తప్పుపట్టకూడదు, వేరే కారణం కూడా వెతకాలి.

ఈ హైపర్‌స్ప్లీనిజానికి పూర్తిగా ఎదురు స్థితి ప్లీహం పని ఆగిపోవడం. అది రక్తపు స్మియర్‌లో కనిపిస్తుంది. కొన్ని ఎర్రకణాల్లో ముదురు ఊదారంగు గుండ్రటి చుక్క ఒకటి ఉంటుంది. దాని పేరు హోవెల్–జాలీ బాడీ. కణం తయారైనప్పుడు మిగిలిపోయిన కేంద్రకపు ముక్క అది. ప్లీహం పనిచేస్తుంటే దాన్ని ఎప్పుడో ఏరేసేది.

‘బల్ల’ అనే మాట చాలని చోటు సికిల్‌సెల్ వ్యాధి. అరకు, పాడేరు గిరిజన గ్రామాల్లో ఈ జబ్బున్న పిల్లలు ఉన్నారు. అలాంటి బిడ్డకు బల్ల చేతికి తగులుతూనే ఉండవచ్చు; స్మియర్‌లో మాత్రం ఆ చుక్కలు కనిపించవచ్చు. అంటే అవయవం ఉంది, పని లేదు. న్యూమోకాకస్ లాంటి బాక్టీరియాను రక్తంలోంచి తొలగించే శక్తి కూడా దాంతోపాటే పోతుంది. అందుకే ఆ పిల్లలకు టీకాలు పూర్తిగా వేయించండి. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.