పైన ముడత, కింద టేపు

నవాబుపేటలో ఓ ప్రాథమికోన్నత పాఠశాల వరండా. తాండూరు బండలు చల్లగా ఉన్నాయి, అక్కడే కింద కూర్చోండి. ఇది కాగితపు వంతెనల పోటీ. వంతెన ఎట్లా విరుగుతుందో చూడాలంటే కన్ను దాని ఎత్తులో ఉండాలి. టీచర్ రెండు బెంచీలను స్కేలుతో కొలిచి 40 సెంటీమీటర్ల ఎడంలో నిలిపారు. జట్టుకు నాలుగు దినపత్రిక కాగితాలు, ఒక మీటరు టేపు, అంతే. వంతెనను బెంచీకి అంటించకూడదు. నడిమధ్య తాడుతో చిన్న బకెట్ వేలాడదీసి, అందులో అర కిలో కందిపప్పు పొట్లాలు ఒక్కొక్కటే వేస్తారు. పది లెక్కపెట్టేదాకా నిలిస్తేనే ఆ పొట్లం లెక్కలోకి వస్తుంది. తూకానికి పప్పేమిటని నవ్వకండి, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ జిల్లాదే.

ముందు ఆరో తరగతి. నాలుగు కాగితాలూ మడతలు పెట్టి మందపాటి పట్టీ చేశారు. చూడ్డానికి గట్టిగానే ఉంది. మొదటి పొట్లం పడగానే పట్టీ ఉయ్యాలలా కిందికి దిగి, రెండు కొసలూ బెంచీల మీంచి జారిపోయాయి.

"జారిపోయింది సార్! చినగనే లేదు!"

"చినగలేదు కదా. ఇద్దరు చెరో కొస పట్టి గుంజుండ్రి."

గుంజారు. కాళ్లు బండల మీద జారుతున్నాయి గానీ కాగితం తెగలేదు. లాగితే ఓర్చుకునే కాగితం వంచితే ఎందుకు లొంగిపోతుందో ఈ జట్టుకు ఇంకా తెలియదు. తర్వాతి జట్టు చూపిస్తుంది.

ఏడో తరగతి పిల్లలు కాగితాలను గొట్టాలుగా చుట్టారు. వేలు దూరేంత వదులుగా ఉన్న నాలుగు గొట్టాలను పక్కపక్కన పేర్చి, టేపంతా చుట్టూ తిప్పేశారు. మూడు పొట్లాలు నిలిచాయి. నాలుగోది వేసేటప్పుడు ముఖం దగ్గరికి తెచ్చి గొట్టం పైభాగం చూడండి. తాడుకు కాస్త పక్కన, గోటితో నొక్కినట్టు చిన్న ముడత. లెక్క అయిదుకు చేరేసరికి ముడత అడ్డంగా పాకింది, గొట్టం అక్కడే మడిచిన మోచేయిలా వంగిపోయింది. ఇప్పుడు అడుగుభాగం తడమండి. ఒక్క చిరుగు కూడా లేదు.

బరువు మోసే గొట్టం వంగినప్పుడు దాని అడుగు సాగుతుంది, పైభాగం దగ్గరికి నొక్కుకుపోతుంది. సాగడాన్ని కాగితం తట్టుకుంటుంది. నొక్కితే మాత్రం పక్కకు తప్పుకుని ముడత పడుతుంది. వదులు చుట్టలో పొరలు ఒకదాని మీద ఒకటి జారుతూ దేనికదే ముడుచుకుపోతాయి కనుక ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే ఈ పోటీలో టేపు ఎక్కువ ఇస్తే ఆట చెడుతుందని నా అభిప్రాయం. పిల్లలు చుట్ట బిగించడం మానేసి టేపు చుట్టడం మొదలుపెడతారు.

ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఇంకా చుట్టడమే మొదలుపెట్టలేదు. ఒకామె కాగితం అంచు నుంచి సన్నని పేలిక చింపుతోంది. పైనుంచి కిందికి వార్తల కాలం వెంబడి చింపితే తిన్నగా వచ్చింది, అడ్డంగా చింపితే వంకరటింకరగా పోయింది. మిల్లులో కాగితం పరుగెత్తే దిక్కుకే నారపోగులు ఎక్కువగా వరుసకడతాయి. దినపత్రికలో ఆ దిక్కు సాధారణంగా కాలం వెంబడి ఉంటుంది.

"నార పొడుగ్గుండేటట్టు చుట్టాలె. అడ్డం చుడితే మెత్తగైతది."

పెన్సిలు పెట్టి బిగించి చుట్టారు, చివర్లో పెన్సిలు లాగేశారు. పేజీ ఎత్తే గొట్టం పొడవు కనుక అటూ ఇటూ బెంచీల మీద ఆనడానికి సరిపోతుంది. నాలుగింటినీ పక్కపక్కన పరచలేదు. రెండు కింద, వాటి మీద రెండు. దళసరి పెరిగిన కొద్దీ వంగడం తగ్గుతుంది. కొసల్లో, నడుమ టేపు చుట్టగా మిగిలిన ముక్కను అడుగున పొడవునా అంటించారు. పైన అంటిస్తే అదీ ముడతపడేది. కింద మాత్రం సాగే పనిలో కాగితానికి తోడవుతుంది.

ఏడు పొట్లాలు, మూడున్నర కిలోలు. నాలుగు కాగితాల బరువు సుమారు 70 గ్రాములు, అంటే తన బరువుకు దాదాపు యాభై రెట్లు. ముడత కోసం పైభాగమే చూస్తూ ఉంటే ఎనిమిదో పొట్లం దగ్గర మోసపోతారు. తాడు పై గొట్టాల్లోకి దిగింది. బరువంతా ఆ సన్నని గీత మీద పడి గొట్టాలు చప్పిడిగా నలిగాయి, నలిగిన చోటే వంతెన కూలింది.

"ఎనిమిది అయినయి సార్!"

"ఆరు దాకనే లెక్కవెట్టిన్రు, చెల్లదు!" ఏడో తరగతి ఒక్క గొంతుతో అరిచింది.

చెల్లదనే టీచర్ తేల్చారు. తర్వాతి విడతకు మాత్రం నియమం మార్చారు: తాడుకూ వంతెనకూ మధ్య ప్రతి జట్టూ చెక్క స్కేలు అడ్డం పెట్టాలి. ఏడో తరగతి వాళ్లు అప్పటికే పెన్సిళ్లు పోగేసుకుని, కొత్త కాగితాలకు చేతులు చాస్తున్నారు.